కొలతల పుస్తకంలోనే ఉంది ఆ మాట

పండగ రోజు పొద్దున్నే ఫోన్‌లో మెసేజ్. ‘ప్రియమైన కస్టమర్, మా సంస్థను ఆదరిస్తున్నందుకు ధన్యవాదములు. మీ సేవలో ఎల్లప్పుడూ...’ కింద రెండు పువ్వుల బొమ్మలు. పూర్తిగా చదవకుండానే వేలు పక్కకు జరిపేస్తాం. అదే షాపులో అడుగుపెడితే ‘రండమ్మా, పోయినసారి జాకెట్టు సరిపోయిందా?’ అని పలకరిస్తారు. మనిషి ఒకరే. షాపులో ఉన్న ఆ గొంతు ఫోన్‌లోకి వచ్చేసరికి పోతోంది.

వీధి చివర జాకెట్లు కుట్టే షాపునే తీసుకుందాం. ఆ షాపువారి దగ్గర పెద్ద కంపెనీలకు లేని ఆస్తి ఒకటుంది. అదే కొలతల పుస్తకం. పేజీలో భుజం, ఛాతీ, చేతి పొడవు అంకెలు ఉంటాయి. అంచున ‘హుక్స్ వెనక’, ‘భుజం జారుతోందన్నారు’, ‘20న చెల్లెలి పెళ్ళి’ లాంటి ముక్కలు ఉంటాయి. మెసేజ్‌కు కావలసిన సరుకంతా ఆ అంచు రాతల్లోనే ఉంది.

ఒకావిడ మూడోసారి వచ్చారనుకుందాం. రెండోసారి కుట్టిన జాకెట్టు భుజం మీద నిలవలేదు. అందుకని ఈసారి వెనక మెడ లోతు అరంగుళం తగ్గించి కుట్టారు. ఆమెకు ఇలా రాయవచ్చు:

‘నమస్తే అమ్మా, జాకెట్లు కుట్టే షాపు నుంచి. మీ చెల్లెలి పెళ్ళి బాగా జరిగిందనుకుంటాను. భుజం జారుతోందన్నారని ఈసారి వెనక మెడ అరంగుళం తగ్గించాను. కట్టుకున్నప్పుడు సరిగ్గా నిలిచిందా? ఒకసారి తేడా వచ్చినా నమ్మి, పట్టు గుడ్డ మళ్ళీ నా చేతికే ఇచ్చారు. చాలా సంతోషం అమ్మా.’

ఇందులో ‘ధన్యవాదములు’ లేదు. షాపులో నోటితో అనని మాట ఫోన్‌లో రాస్తే అది బ్యానర్ మీది అక్షరంలా కనిపిస్తుంది. పిలుపు కూడా అంతే. ఎదురుగా ‘అమ్మా’ అని పిలిచేవారిని మెసేజ్‌లో ‘మేడమ్’ అనకూడదు. ‘అక్కా’ అని పిలిచేవారిని ‘ఆంటీ’ చేస్తే నొచ్చుకుంటారు. పుస్తకంలో పేరు పక్కన ఆ పిలుపు కూడా రాసుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఎప్పుడు పంపాలన్నదీ ముఖ్యమే. జాకెట్టు ఇచ్చిన రోజే పంపితే బిల్లుకు తోకలా ఉంటుంది. పెళ్ళి అయిపోయి, ఇల్లు సర్దుకున్నాక, రెండు మూడు రోజులకు పంపితే అప్పుడు ఆమె దగ్గర చెప్పడానికి జవాబు కూడా ఉంటుంది. చివర్లో ‘తర్వాతి జాకెట్టుకు 10 శాతం తగ్గింపు’ అని మాత్రం తగిలించకూడదు. ఆ ఒక్క వాక్యంతో పైన రాసిందంతా ప్రకటన అయిపోతుంది. తగ్గింపు ఇవ్వాలనుకుంటే ఆమె షాపుకు వచ్చినప్పుడు ఇవ్వచ్చు.

గుర్తుంది కదా అని అన్నీ రాయడమూ ప్రమాదమే. ‘ఈసారి నడుము రెండంగుళాలు పెరిగింది’ అన్నది పుస్తకంలో ఉండాల్సిన మాట, మెసేజ్‌లో రాకూడదు. పక్కింటివాళ్ళు చెప్పిన ఇంటి సంగతులూ అంతే. ఆమె తన నోటితో మనకు చెప్పినదీ, మనం చేత్తో చేసినదీ, ఈ రెండే రాయాలి. పుస్తకంలో ఉన్న నంబరు భర్తదో కొడుకుదో కూడా కావచ్చు. అలాంటప్పుడు ‘అమ్మగారికి చెప్పండి’ అని మొదలుపెట్టి, కొలతల ఊసు లేకుండా ముగించాలి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపవచ్చు. అయితే మన నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. పైగా అందరికీ వెళ్ళేది అవే అక్షరాలు. ‘ఆదివారం షాపు సెలవు’ అని చెప్పడానికి అది బాగా పనికొస్తుంది, కృతజ్ఞత చెప్పడానికి పనికిరాదు. వందమందికీ విడివిడిగా రాయడం ఒంటి చేతి షాపులో కుదిరే పని కాదు. అందుకే మూడోసారి వచ్చినవారి పేజీకి మూల మడిచి పెట్టుకుని, రాత్రి మిషన్ మూసేముందు ఇద్దరికి రాస్తే చాలు.

పంపేముందు చిన్న పరీక్ష చేసుకోవచ్చు. పేరూ పిలుపూ చేత్తో మూసి చదవాలి. మిగిలిన మాటలు మరో కస్టమర్‌కు కూడా సరిపోతే, ఇంకా ఆ పేజీ అంచు చూడలేదన్నమాట. సరిగ్గా రాసిందీ లేనిదీ జవాబే చెబుతుంది. అచ్చు మెసేజ్‌కు రెండు చేతులు జోడించిన బొమ్మ వస్తుంది, లేదా ఏమీ రాదు. ఇలాంటి మెసేజ్‌కు ‘నిలిచింది కానీ, చంక దగ్గర కొంచెం పట్టేసింది’ అని రావచ్చు. అది కూడా వెంటనే పుస్తకంలో ఆమె పేజీ అంచున రాసుకోవాలి. నాలుగోసారి కత్తెర పట్టేముందు చూసుకోవలసింది ఆ ముక్కనే.