సైట్ సూపర్‌వైజర్ కావలెను

మా చిన్నాన్న కొడుకు హైదరాబాద్ బాచుపల్లిలో అపార్ట్‌మెంట్లు కడతాడు. పెద్ద బిల్డరేమీ కాదు. ఒకసారికి ఒకటే బిల్డింగ్, కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు. ఆఫీసంటే అతని కారూ, సగం రోజు పనిచేసే ఒక అకౌంటెంటూ. మొన్న శ్రావణంలో అతని సూపర్‌వైజర్ ఉన్నట్టుండి మానేశాడు. రెండో స్లాబ్‌కి సెంట్రింగ్ అయిపోయి ఉంది, రాడ్లు పరుస్తున్నారు. ఆ కంగారులో మావాడు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఇలా పెట్టాడు:

"అర్జంట్. సైట్ సూపర్‌వైజర్ కావలెను. ఎక్స్‌పీరియన్స్ ఉండాలి. లొకేషన్ హైదరాబాద్. మంచి జీతం. రూమ్ ఫ్రీ."

రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. ఇంటీరియర్ పనులు చూసినవాళ్లు, మొన్ననే డిప్లొమా అయినవాళ్లు, రోడ్డు పనుల్లో లెవెల్స్ తీసినవాళ్లు. సగం మంది జీతం ఎంతని అడిగి పెట్టేశారు. ఆదిభట్ల నుంచి ఒకతను నిజంగానే బండేసుకుని వచ్చాడు. వచ్చాక, రోజూ ఇంత దూరం తన వల్ల కాదని వెళ్లిపోయాడు. "అన్నా, నీకు రాయడం వచ్చుగా, నువ్వే ఓ ముక్క రాసిపెట్టు" అని మావాడు నా దగ్గరికొచ్చాడు.

నేనూ పాలిటెక్నిక్ అయ్యాక మూడేళ్లు సైట్ల మీద తిరిగినవాణ్నే. రాతపనిలో పడింది ఆ తర్వాత. అందుకే ఆ మెసేజ్ చూడగానే అందులో దాచిపెట్టినవేవో నాకు కనబడ్డాయి. దాచాలని దాచలేదు పాపం. అడగరులే అనుకున్నాడు.

మొదట అనుభవం సంగతి. మూడేళ్ల అనుభవం అని రాస్తే మూడేళ్లు ఫినిషింగ్‌లో టైల్సు, పెయింటింగు చూసినతను కూడా వస్తాడు. అతను అబద్ధం చెప్పడం లేదు, కానీ స్లాబ్ పోయించిన చెయ్యి కాదు. కాబట్టి ఏళ్లు కాదు, ఏ దశలో పనిచేశాడన్నది అడగాలి. "పునాది నుంచి కనీసం మూడు స్లాబులు దగ్గరుండి పోయించి ఉండాలి" అని రాయమన్నాను. ఆ ఒక్క వాక్యంతో వచ్చే ఫోన్లు పదో వంతుకు పడిపోతాయి.

ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఫోన్లో రెండు ప్రశ్నలు చాలు. ఒకటి, 12 ఎం.ఎం. రాడ్డు ఒక్కటి ఎంత బరువుంటుంది? లెక్క తేలికే. మందాన్ని మందంతో హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది: 144ని 162తో భాగిస్తే 0.89 కిలో. రాడ్డు పొడవు 12 మీటర్లు గనక పది కిలోల ఆరు వందల యాభై, అటూ ఇటూ. సైట్ మీద ఉన్నవాడికి ఈ సూత్రం నోటికి రాకపోయినా "పదిన్నర పైన సార్" అంటాడు. రెండు టన్నుల లోడు దిగితే 187 రాడ్లు రావాలి. తయారీలో బరువు కొద్దిగా అటూ ఇటూ అయితే ఫరవాలేదు కానీ, లెక్కబెడితే 170 వచ్చినప్పుడు కాటా చీటీ మీద సంతకం పెట్టకూడదని అతనికి తెలిసి ఉండాలి.

రెండోది, స్లాబ్ కింది జాకీలు ఎప్పుడు తీస్తావు? దీనికి తారీఖు కంటే అతను చెప్పే తీరు ముఖ్యం. స్లాబ్ ఆనిన బీముల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపైతే జాకీలు కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనికి ప్రామాణికమైన ఐఎస్ 456 చెబుతుంది. బీముల కిందైతే ఇంకా ఎక్కువ. అదీ ఓపీసీ సిమెంటుకు. ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీకి ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది. కానీ సెంట్రింగ్ మేస్త్రీకి ఆ జాకీలూ రేకులూ పై అంతస్తుకి కావాలి. ఐదో రోజునే వచ్చి "ఎండలు బాగా కాశాయి సార్, గట్టిపడిపోయింది" అంటాడు. ఓనరు కూడా పని ఆగుతుందని సూపర్‌వైజర్ మీదే విసుక్కుంటాడు. ఆ ఇద్దరికీ కాదని చెప్పగలిగినవాడికే అనుభవం ఉందని నా లెక్క. ఈ ప్రశ్నకు "మేస్త్రీని అడిగి తీస్తానండీ" అన్నాడంటే నాకైతే ఆ ఫోన్ అక్కడితో అయిపోయినట్టే.

అనుభవం దగ్గరే ఇంకో చిన్న మాట. మావాడి సైట్‌లో రాడ్ బెండింగ్ వాళ్లది బీహార్, ఇటుక కట్టుబడి వాళ్లది ఒడిశా. హిందీ రానివాడు అక్కడ సైగలతో నెట్టుకు రావాలి. మావాడికి ఇది మరీ మామూలు సంగతి కాబట్టి మెసేజ్‌లో రాయాలనే తోచలేదు.

లొకేషన్ విషయంలో చెప్పేదేమంత లేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ విస్తరించిన ఊరిని "హైదరాబాద్" అని ఒక్క మాటలో రాస్తే అది చిరునామా కాదు. పేట పేరు, దగ్గర్లోని గుర్తు, మ్యాప్ పిన్ ఇస్తే చాలు. ఎవరూ రాయనిది ఒకటుంది: ఈ బిల్డింగ్ అయిపోయాక తర్వాతి సైట్ ఎక్కడ? పిల్లల్ని ఇక్కడి బళ్లో వేసుకునేవాడికి అది తెలియాలి. మావాడి తర్వాతి స్థలం కూడా ఆ దగ్గర్లోనే, మల్లంపేటలో. రాసెయ్యమన్నాను.

జీతం దగ్గర మాకు చిన్న గొడవైంది. అంకె వేస్తే అందరూ అక్కణ్నుంచే బేరం మొదలుపెడతారని మావాడి భయం. వెయ్యకపోతే పనికొచ్చేవాడు అసలు ఫోనే చెయ్యడని నా వాదన. మంచి సూపర్‌వైజర్ ఎప్పుడూ ఏదో ఒక సైట్‌లో ఉంటాడు. తెలియని అంకె కోసం ఉన్న పని వదలడు కదా! చివరికి 28,000 అని ఒప్పించాను.

అంకె ఒక్కటే చాలదు. నా రోజుల్లో నేను చేసిన ఒక సంస్థలో జీతం చెప్పినంతే ఇచ్చేవారు, కాకపోతే ఎప్పుడిస్తారో తెలిసేది కాదు. ఫ్లాట్ అమ్ముడైతే జీతం. మధ్యలో "ఖర్చులకుంచు" అని రెండు వేలు, మూడు వేలు చేతిలో పెట్టేవారు. దానికి తోడు సైట్ మీది చిల్లర ఖర్చులన్నీ నా జేబులోంచే: బైండింగ్ వైరు, కూలీల టీలు, మోటారు రిపేరు. మానేసేనాటికి రెండు నెలల జీతంతోపాటు పదకొండు వేల చిల్లర బిల్లులు బాకీ. బిల్లులకు కాగితం లేదన్నారు. ఆ డబ్బు నాకు ఇప్పటికీ రాలేదు. అందుకే మావాడి మెసేజ్‌లో రెండు ముక్కలు పట్టుబట్టి పెట్టించాను. జీతం ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకులో పడుతుంది. సైట్ ఖర్చులకు పది వేలు ముందే విడిగా ఇస్తాం, వారం వారం లెక్క చూస్తాం. శనివారం కూలీల బట్వాడా మాత్రం ఓనరే దగ్గరుండి చేస్తాడు. ఆ డబ్బు సూపర్‌వైజర్ చేతి మీదుగా నడిస్తే, తేడా వచ్చిన రోజున మాట పడేది అతనే.

ఇక కోతలు. పీఎఫ్ మామూలుగా 20 మంది, ఆపైన ఉన్న సంస్థకు, ఈఎస్‌ఐ 10 మంది, ఆపైన ఉన్నచోట వర్తిస్తాయి. ఈఎస్‌ఐకి నెల జీతం 21,000 దాటకూడదు. మావాడి పుస్తకాల్లో ఉన్నది నలుగురే. మేస్త్రీల మనుషుల్ని కూడా కలిపితే ఆ లెక్క ఎటు తిరుగుతుందో ఆడిటర్‌ని అడగమన్నాను. ఏదైనా గానీ, చేతికి వచ్చేదెంతో మెసేజ్‌లోనే ఉండాలి.

రూమ్ విషయం నేను అనుకున్నంత చిన్నది కాదు. ముందు దాని విలువ కడదాం. రోజూ ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి వచ్చేవాడు నెలకు 26 రోజులు తిరిగితే 1,040 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తే 23 లీటర్లు, నూట ఏడు రూపాయల చొప్పున దాదాపు రెండున్నర వేలు. లేదా బాచుపల్లిలోనే చిన్న గది తీసుకుంటే ఆరేడు వేలు. అంటే రూమ్‌తో 28,000 ఇచ్చే సైటూ, రూమ్ లేకుండా 32,000 ఇచ్చే సైటూ ఒంటరిగా ఉండేవాడికి ఇంచుమించు ఒకటే.

కాగితం మీద అంతే. అసలు తిరకాసు వేరే ఉంది. సైట్‌లో ఉండే సూపర్‌వైజర్‌కి పని గంటలు ఉండవు. ఊళ్లో పగటిపూట పెద్ద లారీలకు ఆంక్షలుంటాయి గనక ఇసుక, కంకర లోడ్లు రాత్రి పదకొండు తర్వాత దిగుతాయి. దింపించేది ఎవరు? రూమ్‌లో ఉన్నవాడే. స్లాబ్ రోజున పొద్దున రావాల్సిన రెడీమిక్స్ బండి సాయంత్రం వస్తే, అర్ధరాత్రి దాకా నిలబడేదీ అతనే. రాడ్లు పోతే అడిగేదీ అతన్నే. "రూమ్ ఫ్రీ" అంటే చాలాచోట్ల రాత్రి కాపలా ఫ్రీ అని అర్థం. వాచ్‌మన్ వేరే ఉన్నాడో లేడో మెసేజ్‌లోనే చెప్పెయ్యాలి.

చట్టం కూడా ఇక్కడ సూపర్‌వైజర్ వైపు నిలబడలేదు. భవన నిర్మాణ కార్మికులకు సైట్ దగ్గర ఉచితంగా తాత్కాలిక వసతి, విడిగా వంటచోటు, స్నానానికీ మరుగుకూ ఏర్పాటు చేయాలని 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి చట్టం చెప్పింది. అదే చట్టం, పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు 1,600 రూపాయలకు మించి తీసుకునేవాణ్ని కార్మికుల లెక్కలోంచి తీసేసింది. కూలీకి హక్కుగా రాసిన గది సూపర్‌వైజర్‌కి ఓనరు మాటగానే మిగిలింది. మాటకు సాక్ష్యం కావాలంటే అది మెసేజ్‌లోనైనా ఉండాలి, నియామక పత్రంలోనైనా ఉండాలి.

కాబట్టి రూమ్ అంటే ఏమిటో చూద్దామని నేనే సైట్‌కి వెళ్లాను. పార్కింగ్‌లో రేకుల గది, సగంలో సిమెంటు బస్తాలు. సిమెంటు తడి తగలకుండా ఉండాలని కిటికీ మూసేశారు. పడుకునేవాడి సంగతి ఎవరూ ఆలోచించలేదు. బస్తాలు వేరే గదిలోకి మార్పించి, కిటికీ తెరిపించి, ఫ్యాను, మంచం వేయించాక మెసేజ్ రాశాను:

"సైట్ సూపర్‌వైజర్ కావలెను. స్టిల్ట్ ప్లస్ 5 అంతస్తుల అపార్ట్‌మెంట్, బాచుపల్లి (మ్యాప్ కింద ఉంది). రెండో స్లాబ్ నడుస్తోంది. తర్వాతి సైట్ మల్లంపేట. పునాది నుంచి కనీసం 3 స్లాబులు దగ్గరుండి పోయించినవాళ్లే ఫోన్ చేయండి. డిప్లొమా లేదా ఐటీఐ. హిందీ రావాలి. జీతం చేతికి 28,000, ప్రతి నెలా 5న బ్యాంకులో. సైట్ ఖర్చులకు డబ్బు విడిగా ఇస్తాం. సైట్‌లో ఒక్కరికి గది, ఫ్యాను, మంచం. భోజనం మీదే. ఫ్యామిలీకి వసతి లేదు. రాత్రి వాచ్‌మన్ ఉన్నాడు, కానీ లోడ్లు వచ్చినప్పుడు లేవాలి. ఆదివారం సెలవు, స్లాబ్ పడితే బదులు సెలవు. సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇస్తాం. ఎవరికీ ఏ ఫీజూ కట్టక్కర్లేదు."

పదకొండు ఫోన్లు వచ్చాయి. ముగ్గురు వచ్చి సైట్ చూశారు. చేరినతనిది శ్రీకాకుళం జిల్లా, నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. జీతం గురించి ఒక్క మాటా అడగలేదు. గది చూశాడు, ఫ్యాను వేసి చూశాడు, వెనక్కి వెళ్లి వచ్చాడు. "సార్, బాత్‌రూమ్‌కి తలుపు లేదండీ" అన్నాడు.

నిజంగానే లేదు. గోనెపట్టా వేలాడుతోంది. మర్నాడు పెట్టించాం. ఆ మర్నాడు అతను చేరాడు.