ఫారంలో తొందరపడకూడని మూడు గళ్లు

ఫోన్‌లో బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు ఆధార్, పాన్ వివరాలు చకచకా అయిపోతాయి. చిక్కంతా వృత్తి, ఆదాయ మార్గం, నామినీ దగ్గరే.

ఇంట్లో కుట్టుమిషన్ మీద నెలకు పదిహేను వేలు సంపాదించే గృహిణిని తీసుకోండి. వృత్తి గడిలో చాలామంది అలవాటుగా ‘గృహిణి’ అని నొక్కేసి, వార్షికాదాయం సున్నా వేస్తారు. తర్వాత ప్రతి నెలా వేర్వేరు మనుషుల నుంచి యూపీఐ జమలు పడుతుంటే, చెప్పినదానికీ జరుగుతున్నదానికీ పొంతన లేక బ్యాంకు వివరణ అడగొచ్చు. ఆమె ‘స్వయం ఉపాధి’ ఎంచుకుని, ఆదాయ మార్గంలో వ్యాపారం అని పెట్టి, ఏడాదికి లక్షా ఎనభై వేలని రాయాలి. ఇది పన్ను రిటర్ను కాదు, రాయడానికి జంకక్కర్లేదు.

నామినీగా పదేళ్ల కూతురి పేరు రాస్తే పుట్టిన తేదీతోపాటు, ఆమె మైనరుగా ఉన్నంతకాలం సొమ్ము అందుకునే పెద్దవారి పేరూ ఇవ్వాలి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఒకేసారి పంచాలంటే వాటాలు కలిపి నూరు శాతం కావాలి. అయితే నామినీ సొమ్ము అందుకునే మనిషే తప్ప హక్కుదారు కానక్కర్లేదు. చట్టప్రకారం వారసులు తమ వాటా అడగొచ్చు. ఫలానావారికే చెందాలనుకుంటే వీలునామా రాయండి.