తప్పుల ఖర్చు ఏ పద్దులో ఉంది?

నీటి మోటారు పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. నెలకు కోటి రూపాయల అమ్మకాలు. పంపుల్లో సీలు దగ్గర నీరు కారుతోందని ఫిర్యాదులు. ఈ తప్పుకు ఎంత ఖర్చవుతోందని యజమాని అడిగితే అకౌంటెంట్ వెంటనే చెప్పలేడు. చెడిన భాగం ముడిసరుకు పద్దులో, దాన్ని సరిచేసిన ఓవర్‌టైం జీతాల్లో, కొత్త పంపు పంపిన లారీ కిరాయి రవాణాలో కలిసిపోయాయి.

ఈ ఖర్చులను విడదీసి చూడాలని 1956లో అమెరికన్ నాణ్యతా నిపుణుడు ఆర్మండ్ ఫైగెన్‌బామ్ రాశారు. నేడు వాటిని నాలుగుగా విభజిస్తున్నారు. తప్పు జరగకుండా పెట్టేది నివారణ ఖర్చు. జరిగిందేమో చూసేది తనిఖీ ఖర్చు. సరుకు గేటు దాటకముందే దొరికిన తప్పుది అంతర్గత వైఫల్య ఖర్చు. కొన్నవారి చేతిలో బయటపడితే బాహ్య వైఫల్య ఖర్చు.

మన ఫ్యాక్టరీలో నెలకు నివారణకు 50 వేలు, తనిఖీకి 1.5 లక్షలు, అంతర్గత వైఫల్యానికి 4 లక్షలు, బాహ్య వైఫల్యానికి 3 లక్షలు తేలాయనుకుందాం. మొత్తం 9 లక్షలు, అంటే అమ్మకాల్లో 9 శాతం. అందులో 7 లక్షలు తప్పులకే పోతున్నాయి.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా తనిఖీదారులను పెంచుతారు. గేటు దాటే చెడ్డ పంపులు తగ్గుతాయి కానీ, అవే లోపల దొరికి అంతర్గత ఖర్చును పెంచుతాయి. తప్పు పుట్టే చోటు అలాగే ఉంటుంది.

ఆ చోటు లేత్ మెషీన్ దగ్గర దొరికింది. టూలు అరిగేకొద్దీ సీలు కూర్చునే రంధ్రం ఇరుకవుతోంది. బలవంతంగా నొక్కిన సీలు నలిగి నీరు కారుతోంది. అరిగేదాకా ఆగకుండా, ఇన్ని భాగాలకోసారి టూలు మార్చాలని లెక్క పెట్టారు. ఆపరేటర్ చేతికి గేజు ఇచ్చారు. నివారణ ఖర్చు 60 వేలు పెరిగింది. కొన్ని నెలలకు అంతర్గత వైఫల్యం 2 లక్షలకు, బాహ్యం లక్షకు దిగితే, మొత్తం 5.6 లక్షలవుతుంది.

ఈ లెక్కలో రెండు చోట్ల పొరబాటు జరుగుతుంది. సరిచేసిన పంపును మళ్లీ పరీక్షించిన ఖర్చును తనిఖీలో రాస్తారు. అది అంతర్గత వైఫల్యానిదే, ఎందుకంటే తప్పు జరగకపోతే ఆ పరీక్షే లేదు. ఇక రెండోది, మార్పు చేసిన మరుసటి నెలే బాహ్య ఖర్చు తగ్గాలని ఎదురుచూడటం. ఇప్పుడు వచ్చే వారంటీ ఫిర్యాదులు నెలల కిందట అమ్మిన పంపులవి. అందుకే ఫిర్యాదులను అందిన నెలతో కాకుండా, పంపు తయారైన నెలతో జతచేసి చూడాలి.

ఇంత చేసినా ఒక నష్టం ఏ గడిలోకీ రాదు. నీరు కారిన పంపుతో విసిగిన రైతు ఫిర్యాదు కూడా చేయకుండా మరోసారి వేరే కంపెనీది కొంటాడు. కాబట్టి బాహ్య వైఫల్యం కింద తేలిన అంకె ఎప్పుడూ అసలు నష్టం కంటే తక్కువే.