సి-7 స్తంభం దగ్గర నీళ్లు

జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడల్లో పక్కపక్కనే ఆనించి కట్టిన రేకుల షెడ్లు కనిపిస్తాయి. రెండు కప్పుల వాలూ కలిసే చోట వాననీరు పోవడానికి ఒక గట్టర్ ఉంటుంది. ఎండాకాలమంతా దుమ్మూ ఆకులూ పేరుకుని అది పూడిపోతుంది. పెద్ద వాన పడగానే నీళ్లు గట్టర్ అంచు దాటి షెడ్డు లోపలికి దిగుతాయి. అలా దిగిన నీళ్లు ఎక్కడ పడతాయో ముందే చెప్పలేం. స్తంభం వెంట జారి, కేబుల్ ట్రే దొరికితే దాని వెంట కొంతదూరం ప్రయాణించి, కరెంటు ప్యానల్ నెత్తిన కూడా పడవచ్చు.

ఒక మెషీన్ షాపులో సాయంత్రం షిఫ్టు నడుస్తోందనుకుందాం. ఆపరేటర్‌కు ముందు కనిపించేది నేల మీద తడి. ఫోన్ తీసి ఆ తడిని దగ్గరగా ఒక ఫొటో తీస్తాడు. ‘సార్, నీళ్లు కారుతున్నాయి, అర్జెంట్‌గా చూడండి’ అని రాసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆయన తన బాధ్యత తాను చేశాడు. అయినా ఫెసిలిటీస్ మేనేజర్‌కు ఆ ఫొటోలో కనిపించేది తడిసిన సిమెంటు నేల ఒక్కటే. అది ఏ షెడ్డో తెలియదు. నీరు కూలర్ నుంచి కారిందో, కప్పు నుంచి దిగిందో తెలియదు. ఆయన ఒక హెల్పర్‌ను తుడవమని పంపిస్తారు. నేల ఆరిపోతుంది, గ్రూపులో ‘అయిపోయింది సార్’ అని జవాబు వస్తుంది. పైన ప్యానల్ మీద మాత్రం నీళ్లు పడుతూనే ఉంటాయి. నేల మీది తడి వల్ల కాలు జారి ఎవరైనా పడవచ్చు. 415 వోల్టుల ప్యానల్‌లోకి నీరు వెళ్తే షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేవవచ్చు, మనిషి ప్రాణమే పోవచ్చు. ఆ ఫొటో చిన్న ప్రమాదాన్ని చూపించి పెద్ద ప్రమాదాన్ని వదిలేసింది.

అందుకే రాసే ముందు ఒకసారి తలెత్తి, నీరు ఎక్కడినుంచి వస్తోందో కంటితో వెతకాలి. దూరం నుంచే చూడాలి. నిచ్చెన ఎక్కకూడదు, ప్యానల్ తలుపు ముట్టుకోకూడదు, ఆ తడిలో కాలు పెట్టకూడదు. చాలా ప్యానళ్లకు కేబుళ్లు పైనుంచి దిగుతాయి. కేబుల్ వెంట జారే నీటికి అదే దారి. ప్యానల్ నుంచి చిటపట శబ్దమో, కాలిన వాసనో వస్తే నీరు ఇప్పటికే లోపలికి వెళ్లి ఉండవచ్చు. ఆ రెండూ లేవంటే ప్రమాదం లేదని మాత్రం అనుకోకూడదు.

ఇలాంటి చోట మొదటి పని ఫోన్ కాల్. మెసేజ్ తర్వాత. సూపర్‌వైజర్‌కు చెప్పాలి, షిఫ్టు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, చుట్టుపక్కల పనిచేసేవాళ్లను దూరంగా పంపాలి. సప్లై ఆపాల్సింది ఎలక్ట్రీషియనే. అదీ తడిసిన ప్యానల్ దగ్గర నిలబడి కాకుండా, దానికి కరెంటు ఇచ్చే వెనకటి ప్యానల్ దగ్గర ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టాలి. ఈలోగా ఎవరో ఒకరు మంచి మనసుతో ప్యానల్ మీద ప్లాస్టిక్ పట్టా కప్పబోతారు. కరెంటు ఉండగా ఆ పని చేయబోయిన మనిషికే ప్రమాదం. పైగా పట్టా గాలి ఆడే రంధ్రాలను మూసేసి లోపలి వేడిని బయటికి పోనివ్వదు.

మనుషులు దూరం జరిగాక రాతపని. ముందుగా చోటు. ‘రమేశ్ మెషీన్ పక్కన’ అంటే ఆ షిఫ్టువాళ్లకు తెలుస్తుంది గానీ రాత్రి వచ్చే కాంట్రాక్టర్‌కు తెలియదు. మెషీన్లను జరుపుతారు, స్తంభాలు జరగవు. అందుకే చాలా షెడ్లలో స్తంభాలకు సి-7, డి-4 అని నంబర్లు వేసి ఉంటాయి. షెడ్డు, స్తంభం నంబరు, ఏ వైపు, ఎంత ఎత్తులో అనే నాలుగూ చెబితే కొత్తవాడైనా నేరుగా అక్కడికే వెళ్తాడు. ప్యానల్ మీద రాసి ఉన్న పేరు కూడా ఇస్తే, అది ఏయే మెషీన్లకు కరెంటు ఇస్తుందో మేనేజర్ కుర్చీలోంచే తెలుసుకోగలరు.

ఫొటోలు మూడు చాలు. మొదటిది దూరం నుంచి తీయాలి. స్తంభం నంబరూ ప్యానలూ రెండూ ఒకే ఫొటోలో పడాలి. మూడింటిలో ఇదే ముఖ్యం, ఎక్కువమంది మరిచిపోయేదీ ఇదే. రెండోది కప్పు నుంచి ప్యానల్ దాకా నీరు దిగిన దారి. మూడోది ప్యానల్ పైభాగం, దూరం నుంచి జూమ్ చేసి. నీటికి ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లటి మరక తప్ప ఏమీ కనిపించదు, పక్కనుంచి వెలుతురు పడేలా నిలబడితే తడి స్పష్టంగా తెలుస్తుంది. చుక్కలు పడే వేగం చూపడానికి చిన్న వీడియో పనికొస్తుంది. మనుషుల ముఖాలు ఫొటోలో పడకుండా చూడాలి. పడితే, నీరెక్కడిదన్న మాట పక్కకుపోయి తప్పెవరిదన్న వాదన మొదలవుతుంది. సాల్వెంట్లు, పెయింటు లాంటి మండే ఆవిర్లు ఉండే చోట మాత్రం మామూలు ఫోన్ బయటికి తీయకూడదు. అక్కడ చోటు వివరంగా రాసి, కాగితం మీద బొమ్మ గీసి పంపడమే మేలు.

ఇక తొందర గురించి. ‘అర్జెంట్’ అన్న మాట ప్రతి మెసేజ్‌లోనూ ఉంటుంది, కాబట్టి మేనేజర్‌కు అది ఏ కొత్త సంగతీ చెప్పదు. ఎవరికి ఏం జరగవచ్చు, ఎప్పటిలోగా, ఇప్పటిదాకా ఏం చేశాం, ఏం మిగిలింది అన్నవే ఆయనకు కావాలి. ఆ సాయంత్రపు మెసేజ్ ఇలా ఉండవచ్చు:

‘సార్, ఫోన్‌లో చెప్పిన విషయం. రెండో షెడ్డు, సి-7 స్తంభం, గ్యాంగ్‌వే వైపు. సాయంత్రం 4:40కి చూశాం. వాననీరు స్తంభం వెంట దిగి కేబుల్ ట్రే మీదుగా ఎస్‌డీబీ-4 ప్యానల్ మీద పడుతోంది. కప్పు దగ్గర సుమారు 6 మీటర్ల ఎత్తు. లోపలికి నీరు వెళ్లిందో లేదో తెలియదు. ఎలక్ట్రీషియన్ 4:50కి సప్లై ఆపి తాళం వేశారు. చుట్టూ టేపు కట్టాం, మూడు మెషీన్లు ఆగాయి. ప్యానల్ పరీక్షించకుండా సప్లై ఇవ్వొద్దని రాత్రి షిఫ్టుకు చెప్పాలి. కప్పు పని వాన తగ్గాకే చేయించండి.’

ఆ చివరి వాక్యం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఒట్టి ‘అర్జెంట్’ చూసిన మేనేజర్ వెంటనే ఒక మనిషిని కప్పు మీదికి పంపవచ్చు. పాత సిమెంటు రేకులు మనిషి బరువుకు పగులుతాయి, తడిస్తే జారుతాయి. గట్టర్‌లో ఆకులు తీయడానికి ఎక్కినవాడు రేకు విరిగి నేరుగా కాంక్రీటు మీద పడతాడు. ఆ పనికి పర్మిట్ కావాలి, బరువును పంచే నడకపలకలు కావాలి, బెల్టు తగిలించడానికి గట్టి ఆధారం కావాలి. ప్యానల్‌కు కరెంటు ఆపేశాక కప్పు పని మర్నాటి దాకా ఆగగలదు. ఏది ఇప్పుడే జరగాలో, ఏది ఆగాలో రెండూ రాయడం వల్ల ఒకరి ప్రాణం కాపాడబోయి మరొకరి ప్రాణం మీదికి తేకుండా ఉంటాం.

ఇలా చెప్పడానికి చట్టం దన్ను ఉంది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలు ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల కార్మికులకు, ముంచుకొచ్చే ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికీ అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ దృష్టికీ తెచ్చే హక్కు ఇచ్చాయి. 2020 వృత్తి భద్రత కోడ్‌లో ఇలాంటి హక్కే ప్రమాదకర ప్రక్రియలున్న చోటికి పరిమితం కాకుండా ఉంది. అసురక్షిత పరిస్థితి కంటబడితే తెలియజేయడాన్ని ఆ కోడ్ ఉద్యోగి విధిగానూ పేర్కొంది.

ఫిర్యాదు ఎప్పుడు ముగిసినట్టు? నేల ఆరినప్పుడు కాదు. ప్యానల్ లోపల తేమ లేదని ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ పరీక్షతో తేల్చాలి. గట్టర్ శుభ్రం చేసి, పగిలిన రేకు మార్చాలి. ఆ తర్వాత పెద్ద వాన పడినప్పుడు, మొదటి ఫొటో తీసిన చోటే నిలబడి మరో ఫొటో తీసి అదే మెసేజ్‌కు జోడించాలి. అందులో స్తంభం పొడిగా కనిపిస్తేనే మేనేజర్ దాన్ని మూసేయవచ్చు.