‘హాయ్, రేటెంత?’ అన్నవాళ్లకు మొదటి జవాబు

బ్లౌజులు కుట్టే చిన్న షాపులు కొన్ని ఇప్పుడు వాట్సాప్ బిజినెస్ యాప్ వాడుతున్నాయి. అందులో స్వాగత సందేశం పెట్టుకునే వీలుంది. కస్టమర్ మెసేజ్ పంపగానే, మనం ఫోన్ ముట్టుకోకుండానే అది వెళ్లిపోతుంది. ఎక్కువమంది అందులో రాసేది దాదాపు ఒకటే: ‘మా షాపుకు స్వాగతం. మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. మీకు ఏ విధంగా సహాయపడగలం?’

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయినా దీన్ని చదివాక చాలామంది మళ్లీ ఏమీ అడగరు. ఎందుకంటే ఈ సందేశం కస్టమర్ చాట్ తెరిచినప్పుడు వెళ్లదు, ఆమె ఏదో ఒకటి పంపాకే వెళ్తుంది. అప్పటికే ఆమె ఓ డిజైన్ ఫొటో పెట్టి ‘ఇది కుట్టడానికి ఎంతవుతుంది అండి?’ అని అడిగి ఉంటుంది. దానికి ‘ఏ విధంగా సహాయపడగలం?’ అని జవాబొస్తే, అడిగింది ఎవరూ వినలేదనిపిస్తుంది. కాబట్టి స్వాగత సందేశాన్ని తొలి పలకరింపులా కాకుండా, అప్పటికే వచ్చిన ప్రశ్నకు జవాబులా రాయాలి.

రెండో సంగతి, ఇది కొత్తవాళ్లకు మాత్రమే వెళ్లదు. 14 రోజులపాటు మాటలు లేని చాట్‌లో మళ్లీ మెసేజ్ వస్తే పాత కస్టమర్‌కీ వెళ్తుంది. మగ్గం వర్క్‌కి జాకెట్టు ఇచ్చి, మూడు వారాలు ఆగి ‘అయిందా అండి?’ అని అడిగిన మనిషికి ‘మా షాపుకు స్వాగతం’ అని వెళ్తే ఎలా ఉంటుంది? తన ఆర్డర్ సంగతే మరిచిపోయారని కంగారుపడుతుంది. సందేశం ఇద్దరికీ సరిపోయేలా ఉండాలి.

ఇక ‘ఏ సందేహమున్నా అడగండి’ అనే వాక్యం. పిలుపు బాగానే ఉంది కానీ, ఏమడగాలో తెలియనివాళ్లకు అది ఉపయోగపడదు. టైలర్ దగ్గర ఆడవాళ్లకు ఉండే సందేహాలు చాలా నిర్దిష్టమైనవి. ఈ గుడ్డకు లైనింగ్ వేయాలా? ఆది జాకెట్టు ఇస్తే చాలా, కొలతలకు రావాలా? పెళ్లి ఫలానా తేదీన, అప్పటికి అవుతుందా? ఇలాంటివి రెండు మూడు మనమే పేరుపెట్టి చెబితే, ఇవి అడగొచ్చన్నమాట అని కస్టమర్‌కు అర్థమవుతుంది. ఆ ప్రశ్నలను ఊహించి రాయనక్కర్లేదు. గత నెల చాట్లు తెరిచి, ఒక్కొక్కరు పంపిన మొదటి మెసేజ్‌లు కాగితం మీద రాసుకుంటే, ఏవి మళ్లీమళ్లీ వస్తున్నాయో కనిపిస్తుంది.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని ఆ షాపు సందేశాన్ని ఇలా తిరగరాయవచ్చు:

> నమస్తే అండి. మీ మెసేజ్ అందింది.
> రేటు కోసమైతే డిజైన్ ఫొటో, గుడ్డ ఫొటో పంపి, ఏ తేదీకి కావాలో చెప్పండి. మీ ఫొటో అక్కర్లేదు.
> డిజైన్ ఇంకా అనుకోలేదా? మీ గుడ్డకు ఏది నప్పుతుందో, లైనింగ్ కావాలో వద్దో, ఎన్ని రోజులు పడుతుందో అడగండి. వాయిస్ మెసేజ్ అయినా సరే.
> ఇచ్చిన ఆర్డర్ గురించైతే బిల్లు నంబరు పెట్టండి.
> ఇది దానంతటదే వెళ్లే మెసేజ్. పగలు మిషన్ మీద ఉంటాను. మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 8 గంటలకు ఫోన్ చూసి నేనే జవాబిస్తాను.

‘మీ మెసేజ్ అందింది’ అన్న మాట మొదట ఉండడానికి కారణం ఉంది. ఫోన్ మీద నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ముక్కే. అక్కడ షాపు పేరు, పూల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు పెడితే అసలు సంగతి లోపలే ఉండిపోతుంది. షాపు పేరు ఎలాగూ ప్రొఫైల్‌లో ఉంటుంది.

‘మీ ఫొటో అక్కర్లేదు’ అనేది బ్లౌజుల పనికే ప్రత్యేకం. తెలియని నంబరుకు తన ఫొటోగానీ ఒంటి కొలతలుగానీ పంపడానికి ఆడవాళ్లు సంకోచిస్తారు. ఆ జంకుతోనే చాలామంది అడగకుండా ఊరుకుంటారు. అవి అవసరం లేదని ముందే చెబితే అడ్డు తొలగిపోతుంది. కొలతలు, చిరునామా, అడ్వాన్స్ లాంటివి మొదటి మెసేజ్‌లో అడగకపోవడమే మంచిది. రేటు తెలియని మనిషిని డబ్బు సంగతి అడిగితే అనుమానపడుతుంది.

చివరి వరుసే అన్నిటికన్నా ముఖ్యం. స్వాగత సందేశం క్షణాల్లో రావడంతో అవతల మనిషి ఫోన్ పట్టుకుని కూర్చున్నారనుకుంటారు. ఆ తర్వాత గంటలకొద్దీ ఉలుకూ పలుకూ లేకపోతే కావాలనే పట్టించుకోలేదనిపిస్తుంది. దానంతటదే వచ్చిందని చెప్పి, మనిషి ఎప్పుడు చూస్తారో చెబితే ఆ అపోహ ఉండదు. ‘త్వరలో’ అని రాయకూడదు. నిజంగా చూడగలిగే వేళే రాయాలి, ఆ వేళకు చూడాలి. జవాబిచ్చేది టైలర్ కాక ఇంట్లో ఇంకెవరైనా అయితే ‘నేనే’ అనకూడదు.

మరి రేట్లు ఇందులోనే ఎందుకు పెట్టకూడదు? మామూలు జాకెట్టుకు ఒక రేటు, ప్రిన్సెస్ కట్‌కు ఇంకొకటి. మగ్గం వర్క్ అయితే పూసను బట్టి, పనిని బట్టి మారిపోతుంది. అవన్నీ రాస్తే సందేశం చాంతాడంత అవుతుంది. పైగా ‘ఇంత నుంచి మొదలు’ అని రాస్తే ఆ అంకె ఒక్కటే గుర్తుంటుంది. రేట్ల పట్టికను క్విక్ రిప్లైగా దాచుకోవడం మేలు. `/rate` అని టైప్ చేస్తే అది వచ్చేస్తుంది, డిజైన్ చూశాక పంపవచ్చు. ఇలాంటివి 50 వరకు దాచుకోవచ్చు కానీ, ఈ షాపుకు నాలుగైదు చాలు.

సందేశం పెట్టడానికి యాప్‌లో `Business tools`లోకి వెళ్లి `Greeting message` ఆన్ చేయాలి. కొన్ని ఫోన్లలో అది `Tools` అనే పేరుతో ఉంటుంది. అక్కడే ఎవరికి వెళ్లాలో ఎంచుకునే చోటు కూడా ఉంది. అందరికీ పంపవచ్చు, లేదా కాంటాక్ట్స్‌లో లేనివాళ్లకు మాత్రమే పంపవచ్చు. కస్టమర్ల పేర్లు ఫోన్‌లో సేవ్ చేసుకునే అలవాటుంటే రెండోదే మంచిది. పాతవాళ్లకు మళ్లీ స్వాగతం వెళ్లే ఇబ్బంది తప్పుతుంది, బిల్లు నంబరు వరుస తీసేయవచ్చు. షాపు మూసి ఉన్న వేళలకు `Away message` అని వేరే ఉంది. పండగ సెలవుల సంగతి దానిలో రాయాలి.

సరిచూసుకోవడంలో ఒక చిక్కుంది. ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి ‘హాయ్’ పెట్టి చూస్తే ఏమీ రాకపోవచ్చు. ఆ నంబరుతో ఈమధ్యే మాట్లాడి ఉంటారు, లేదా అది కాంటాక్ట్స్‌లో ఉంటుంది. షాపు నంబరుకు ఎప్పుడూ మెసేజ్ పెట్టని ఫోన్ ఒకటి దొరికించుకోవాలి. ఒకసారి చూశాక సందేశం మార్చి వెంటనే మళ్లీ చూడాలంటే ఆ ఫోన్ కూడా పనికిరాదు.

నెల తర్వాత చాట్లు మళ్లీ తిరగేయాలి. సందేశం వెళ్లాక రెండో మెసేజ్‌గా ఏం వచ్చిందో చూడాలి. డిజైన్ ఫొటో, తేదీ వస్తుంటే అది పనిచేస్తున్నట్టే. ‘ఎప్పుడు చూస్తారండి?’ అని ఇంకా అడుగుతున్నారంటే ఆ వరుస ఎవరి కంటా పడటం లేదని అర్థం, దాన్ని పైకి జరపాలి. మెసేజ్ వెళ్లాక చాలా చాట్లు అక్కడే ఆగిపోతుంటే, మనం అడిగింది ఎక్కువైందేమో చూసుకోవాలి. రెండు ఫొటోలు, తేదీ అడిగినచోట ముందు డిజైన్ ఫొటో ఒక్కటే అడిగి, మిగతావి మాటల్లో తెలుసుకోవచ్చు.