తాళం వేసిన చాట్ కొత్త ఫోన్‌కి వస్తుందా?

మా పిన్ని తెనాలిలో చీటీలు నడుపుతుంది. ఎవరు ఎంత కట్టారు, ఎవరు పాట ఎంతకు పాడారు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది అన్నీ తన చెల్లెలితో జరిపే వాట్సాప్ చాట్‌లోనే ఉంటాయి. బాబాయికి ఆ లెక్కలు కనపడకూడదు. అందుకని ఆ ఒక్క చాట్‌కీ తాళం వేసుకుంది. ఈమధ్య ఫోన్ కిందపడి తెర పగిలింది. కొత్తది కొన్నారు, కానీ పిన్ని దాన్ని పెట్టెలోంచి తీయనివ్వదు.

"తాళం వేసినవి బ్యాకప్‌లోకి పోవంటరా! మా ఎదురింటావిడ చెప్పింది. ముందు తాళం తీసి, అన్నీ కాయితం మీద రాసుకుంటాను. తర్వాత మార్చుకుందాం" అంది.

ఎదురింటావిడ చెప్పింది తప్పు. అయితే అలా అనుకోవడానికి కారణం ఉంది. తాళం వేయగానే ఆ చాట్ మామూలు జాబితాలోంచి మాయమై, Locked chats అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. పైన వెతుకుడు పెట్టెలో పేరు కొట్టినా దొరకదు. కంటికి ఆనకపోతే వేరే బీరువాలో పెట్టినట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ సందేశాలు ఎక్కడికీ కదలవు. వాట్సాప్ మన సందేశాలన్నిటినీ ఫోన్‌లో ఒకే దస్త్రంగా దాచుకుంటుంది, తాళం పడ్డవీ పడనివీ అందులోనే కలిసి ఉంటాయి. 2023 మే నెలలో వచ్చిన ఈ చాట్ లాక్ చేసేదల్లా గది ముందు తలుపు వేయడమే. బ్యాకప్ తీసేటప్పుడు ఇల్లు మొత్తం నకలు తీస్తారు, తలుపు వేసిన గదిని వదిలేయరు. కాబట్టి తాళం వేసిన చాట్లు బ్యాకప్‌లోకి వెళ్తాయి, కొత్త ఫోన్‌లో రీస్టోర్ చేస్తే తిరిగి వస్తాయి. పిన్ని కాయితాలు వెతుక్కోనక్కర్లేదు.

ఇంత చెప్పినా ఆవిడ భయం ఒకందుకు నిజమే అయింది. తాళం వల్ల కాదు, బ్యాకప్ వల్ల. సెట్టింగ్స్‌లో Chats, అందులో Chat backup తెరిచి చూశాను. చివరి బ్యాకప్ మూడు నెలల కిందటిది! కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు ఆ లెక్కలోకి వచ్చేది కాదు, 2024 నుంచి వస్తోంది. పిన్ని ఖాతాలో పెళ్లి ఫోటోలు, భక్తి వీడియోలు నిండిపోయి, బ్యాకప్‌కి చోటు లేక ఆగిపోయింది. ఆ ధీమాతో పాత ఫోన్ అమ్మేసి ఉంటే, మూడు నెలల చీటీ లెక్కలు పోయేవి. తాళం వేసినవే కాదు, వేయనివీ పోయేవి. ఫోన్ మార్చేవాళ్లు చూసుకోవలసిన మొదటి సంగతి తాళం కాదు, ఆ తెర మీద కనిపించే తేదీ.

చోటు చాలకపోతే అదే తెర మీద వీడియోలు వద్దని చెప్పవచ్చు, Include videos అన్న మీట ఆపేస్తే సరి. బ్యాకప్ బాగా తేలికవుతుంది. మేం ఆ దారిన పోలేదు. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి, మబ్బుల్లోకి ఎక్కించి దించే పని లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి నేరుగా మార్చాం. పాత ఫోన్‌లో Chats కింద Transfer chats నొక్కి సిద్ధంగా ఉంచాలి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసి, అదే నంబరు ఇచ్చి, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ కొట్టాలి. పాత ఫోన్ నుంచి తెచ్చుకుంటావా అని అడిగినప్పుడు సరేనంటే కొత్త ఫోన్ మీద ఒక క్యూఆర్ గళ్ల బొమ్మ వస్తుంది, దాన్ని పాత ఫోన్ కెమెరాకి చూపాలి. రెండిట్లోనూ వైఫై, లొకేషన్ వేసి ఉండాలి. పని అయ్యేదాకా రెండూ పక్కపక్కనే ఉండాలి, తెరలు ఆరిపోకూడదు. పగిలిన తెర మీద వేలు సరిగ్గా పడక నాలుగుసార్లు తిప్పలు పడ్డాం గానీ, చివరికి అయింది.

డ్రైవ్‌లోని బ్యాకప్‌తో తెచ్చుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కొత్త ఫోన్‌లో, పాత ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఖాతానే ఉండాలి. Restore అన్న మాట నంబరు సరిచూసిన వెంటనే ఒక్కసారే కనపడుతుంది. తొందరలో దాటేస్తే సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా దొరకదు, వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకోవాలి. ముందు అక్షరాలు వస్తాయి, ఫోటోలూ వీడియోలూ తర్వాత నెమ్మదిగా దిగుతాయి. తాళం వేసిన చాట్‌లో రసీదుల ఫోటోలు కనపడటం లేదని గంటలోనే గుండెలు బాదుకోనక్కర్లేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్లేవాళ్ల సంగతి వేరు. గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌ని ఐఫోన్ చదవలేదు. ఐఫోన్‌ని మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే, పాత ఫోన్‌లో వేసుకున్న Move to iOS అనే ఆప్ ద్వారా తెచ్చుకోవాలి.

ఇక తాళం సంగతి. పిన్ని మామూలు తాళంతో తృప్తి పడలేదు, దానిమీద రహస్య సంకేతం కూడా పెట్టింది. 2023 నవంబరు చివర్లో వచ్చిన సౌకర్యం అది. సంకేతం పెట్టి, Hide locked chats అన్న మీట వేస్తే ఆ ఫోల్డర్ కూడా కనపడదు. వెతుకుడు పెట్టెలో సంకేతం కొడితేనే బయటికి వస్తుంది. పిన్ని సంకేతం ఏమిటో ఇక్కడ రాయలేను గానీ, తెలుగు అక్షరాల్లో ఒక పచ్చడి పేరు అని మాత్రం చెప్పగలను. కొత్త ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఇంకా పెట్టలేదు, ఆ పచ్చడి పేరు ఎలా కొడతాం? అందుకని మార్చే ముందే పాత ఫోన్‌లో ఫోల్డర్ తెరిచి, పై మూల మూడు చుక్కల్లోంచి Chat lock settings లోకి వెళ్లి, ఆ దాపరికం మీట ఆపేశాను. చాట్‌కి తాళం అలాగే ఉంటుంది, ఫోల్డర్ మాత్రం కనపడుతుంది. కొత్త ఫోన్‌లో అంతా వచ్చిందని చూసుకున్నాక మళ్లీ దాచుకోవచ్చు. ఇలా చేస్తే, పైనుంచి కిందికి లాగి చూసినప్పుడు ఫోల్డర్ వచ్చిందా లేదా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది.

సంకేతం మరిచిపోయినవాళ్లే నిజంగా నష్టపోతారు. సెట్టింగ్స్‌లో Privacy, దాని కింద Chat lock లో దీనికొక దారి ఉంది. అయితే అది తాళం తీయడంతో పాటు లోపలున్నవన్నీ తుడిచేసే దారి. గదిని విప్పి ఇస్తుంది, సామాను ఉండదు. ఆపైన తీసే బ్యాకప్‌లోకి కూడా ఆ ఖాళీ గదే వెళ్తుంది. కాబట్టి దాన్ని నొక్కే ముందు, వంట ఆపుకుని అయినా సరే, పది నిమిషాలు జ్ఞాపకం చేసుకోవాలి.

పిన్ని కొత్త ఫోన్‌లో ఫోల్డర్ వచ్చింది. చాట్ మొత్తం ఉంది, శ్రావణమాసం పాట వరకూ. కానీ తెరవబోతే ముందు ఫోన్‌కే తాళం పెట్టమంది. చాట్ లాక్‌కి సొంత తాళంచెవి ఉండదు, ఫోన్‌ని తెరిచే వేలిముద్రో, ముఖమో, అంకెలో వాడుకుంటుంది. పాత ఫోన్‌లోని వేలిముద్ర కొత్తదానికి రాదు, మళ్లీ వేయాలి. పిన్ని వేలికి పసుపు అంటుకుని ఉండటంతో మొదటిసారి తీసుకోలేదు. సరే, ఫోన్ సరిచూడటానికని ముందు నా వేలు పెట్టాను, తర్వాత ఆవిడది.

అక్కడే ఒక సంగతి తట్టింది. ఇప్పుడు నా వేలితో కూడా ఆ చీటీ లెక్కలు తెరుచుకుంటాయి! కొత్త ఫోన్‌ని దుకాణంలో కుర్రాడో, కొడుకో, మేనల్లుడో సిద్ధం చేసి ఇస్తాడు. వాడి వేలు అందులో ఉండిపోతే, ఫోన్ అంకెలు వాడికి తెలిస్తే, తాళం వేసిన చాట్‌కి వాడి దగ్గరా తాళంచెవి ఉన్నట్టే. ఫోన్ తాళానికి వేరుగా సంకేతం పెట్టుకోవడంలో ఉన్న అసలు ఉపయోగం ఇదే.

బ్యాకప్‌కీ ఇదే వరస. చాట్ లాక్ తాళం ఫోన్‌లోని తెర ముందు పనిచేస్తుంది, డ్రైవ్‌లో ఉన్న నకలు మీద కాదు. డ్రైవ్‌లోకి వెళ్లి చూసినా ఆ నకలులో అక్షరాలు కనపడవు, ఎంత బరువుందో మాత్రమే కనపడుతుంది. కానీ ఆ జీమెయిల్ ఖాతా చేతిలో ఉండి, నంబరుకు వచ్చే ఆరంకెల కోడ్ కూడా అందినవాళ్లు దాన్ని తమ ఫోన్‌లోకి దించుకోవచ్చు. అక్కడ తాళం వాళ్ల ఫోన్ వేలిముద్రకే తెరుచుకుంటుంది. మన ఇళ్లలో అమ్మ ఫోన్‌లో కొడుకు జీమెయిల్ ఉండటం ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

దీనికి మందు 2021 అక్టోబరు నుంచీ ఉంది. Chat backup తెర మీదే End-to-end encrypted backup అని ఒక ఏర్పాటు కనపడుతుంది. అది వేస్తే నకలు మన పాస్‌వర్డ్‌తోనో, 64 అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి తాళంచెవితోనో విప్పుకునేలా మారిపోతుంది. గూగుల్ చదవలేదు, వాట్సాప్ కూడా చదవలేదు. పాస్‌వర్డ్ మరిచిపోయి, పాత ఫోన్ కూడా చేతిలో లేకపోతే మనమూ చదవలేం. పిన్నికి ఇది పెట్టి, పాస్‌వర్డ్‌ని చీటీ పుస్తకం వెనక అట్ట మీద రాయించాను. ఆ పుస్తకం బియ్యం డబ్బాలో ఉంటుంది, అంతకన్నా భద్రమైన చోటు నాకు తట్టలేదు.

ఇదంతా వాట్సాప్ మాట. పేరులో రహస్యం ఉన్న ప్రతిదీ ఇలాగే ప్రవర్తిస్తుందనుకుంటే దెబ్బ తింటాం. టెలిగ్రామ్‌లో సీక్రెట్ చాట్ అని ఒకటుంది. దాని మామూలు చాట్లు కంపెనీ సర్వర్లలో ఉంటాయి, ఏ ఫోన్‌లో లాగిన్ అయినా వచ్చేస్తాయి. సీక్రెట్ చాట్ మాత్రం మొదలుపెట్టిన ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటుంది. సర్వర్‌లో ఉండదు, బ్యాకప్ ఉండదు, కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే అది జాబితాలోనే ఉండదు. అక్కడ పిన్ని పద్ధతే సరైనది, కావలసినవి కాయితం మీద రాసుకోవాలి. ఆండ్రాయిడ్ 15తో వచ్చిన ప్రైవేట్ స్పేస్ కూడా అంతే. ఆప్‌నే తీసుకెళ్లి ఆ రహస్యపు గదిలో పెట్టేస్తే, ఫోన్ మార్చేటప్పుడు ఆ గది కొత్త ఫోన్‌కి రాదు. అక్కడ వాడే వాట్సాప్‌ని దాని సొంత దారిలో విడిగా తరలించుకోవాల్సిందే.

పాత ఫోన్‌ని మార్పిడికి ఇచ్చే ముందు రెండు రోజులు ఆగమన్నాను. కొత్తదాంట్లో చీటీ చాట్ తెరిచి, నిరుటి ఉగాది నాటి లెక్క దాకా పైకి జరిపి చూసుకుని, అప్పుడు పాతదాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేశాం. వెళ్లబోతుంటే పిన్ని ఆపింది.

"ముందు నీ వేలు తీసెయ్యి" అంది.

తీసేశాను. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. వరండాలో పేపరు చదువుతున్న బాబాయి దగ్గరికి ఫోన్ తీసుకెళ్లి, "ఏమండీ, ఇది పనిచేస్తుందో లేదో కాస్త వేలు పెట్టి చూడండి" అంది. ఆయన పెట్టాడు. తెరుచుకోలేదు.