పాత కారుకు కాగితం మీద ధర కట్టడం

సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్ల మాట దాదాపు ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది. "అప్పట్లో ఎనిమిదిన్నర లక్షలు పోసి కొన్నానండీ, సగం ధరకే ఇచ్చేస్తున్నా." ఆ ఎనిమిదిన్నరతో కొనేవాడికి పని లేదు. అదే మోడల్, అదే వేరియంట్ ఈ రోజు షోరూంలో ఎంతుందో కనుక్కోవాలి. కొత్తదాని ధర దిగితే పాతదాని ధర కూడా దిగాల్సిందే. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైనున్న సెస్సూ పోయింది. ఆ తర్వాత కూడా కొందరు పాత లెక్కతోనే ధర చెబుతున్నారు. వాళ్లతో వాదించనక్కర్లేదు, కొత్త కొటేషన్ ఒకటి జేబులో ఉంటే చాలు.

లెక్క అర్థమవడానికి ఒక బండిని ఊహించుకుందాం. చిన్న పెట్రోలు కారు, మధ్య వేరియంట్. హైదరాబాద్‌లో రిజిస్టరైంది, వయసు ఆరేళ్లు, ఒకే ఓనర్. మీటరు మీద 42 వేల కిలోమీటర్లు. అడుగుతున్నది 4.25 లక్షలు. ఇదే బండి కొత్తది ఈ రోజు ఎక్స్ షోరూం 7 లక్షలు అనుకుందాం.

కొత్త కారు విలువ ఏటా ఒకే మొత్తం చొప్పున తగ్గదు. మొదటి ఏడాది పెద్ద దెబ్బ తగులుతుంది, తర్వాత మిగిలినదాంట్లోంచి కొంత కొంత పోతూ ఉంటుంది. నేను వేసుకునే లెక్క మోటుగానే ఉంటుంది: మొదటి ఏడాదికి 18 శాతం, అక్కడి నుంచి ఏటా మిగిలిన విలువలో 10 శాతం. ఆ లెక్కన 7 లక్షలు ఏడాది తిరిగేసరికి 5.74 లక్షలు. తర్వాత వరసగా 5.17, 4.65, 4.18, 3.77. ఆరేళ్లకు 3.39 లక్షలు.

ఇన్సూరెన్స్ కాగితం మీద ఐడీవీ అని ఇంకో అంకె ఉంటుంది. అమ్మేవాళ్లు దాన్నే బండి విలువగా చూపిస్తుంటారు. బండి దొంగతనానికి గురైనా, పూర్తిగా దెబ్బతిన్నా ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలోకి తీసుకునే మొత్తం అది. దానికి ఓ పట్టిక ఉంది: ఏడాది దాటి రెండేళ్ల లోపు బండికి 20 శాతం తరుగు, అలా పెరుగుతూ నాలుగు దాటి ఐదేళ్ల లోపు బండికి 50 శాతం. ఐదేళ్లు దాటాక పట్టికే లేదు, కంపెనీ, ఓనరు మాట్లాడుకుని ఒక అంకె వేసుకుంటారు. అందుకని ఆరేళ్ల బండి ఐడీవీని ఒక అభిప్రాయంగా చూడాలి తప్ప ధరగా కాదు.

తరుగుదల లెక్క ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం, ఎందుకంటే గిరాకీ ఉన్న మోడల్ నెమ్మదిగా దిగుతుంది, అమ్మకాలు ఆగిపోయిన మోడల్ జారిపడుతుంది. అందుకే మన ఊళ్లోనే అదే ఏడాది, అదే వేరియంట్ ప్రకటనలు నాలుగైదు చూడాలి. అవి 3.75 నుంచి 4.40 దాకా ఉన్నాయనుకోండి. వారాల తరబడి కదలకుండా పడి ఉన్న 4.40 ప్రకటన ధరను చెప్పదు, ఓనరు ఆశను చెబుతుంది. త్వరగా కనిపించకుండా పోయేవి 3.80 దగ్గర ఉన్నాయంటే, బేరంలో ఇంకొంచెం తగ్గి 3.65కు చేతులు మారుతున్నాయనుకోవచ్చు. యార్డుల్లో పెట్టిన బండికి వాళ్ల లాభం కలిసి ఉంటుంది కాబట్టి, నేరుగా ఓనరు అమ్మేదాన్ని ఆ ధరతో పోల్చకూడదు. లెక్క 3.39 అంటోంది, బజారు 3.65 అంటోంది. మన బండికి మొదటి అంకె 3.60 అని రాసుకుందాం.

ఈ 3.60 ఏ బండికో గుర్తుంచుకోవడం ముఖ్యం. ఒకే ఓనరు, అరవై డెబ్భై వేల కిలోమీటర్లు, వేళకు సర్వీసు, సగం అరిగిన టైర్లు. ఆరేళ్లకు సగటు బండి ఇలాగే ఉంటుంది. అంతకన్నా తేడా ఉన్న చోటే కలపాలి, తీయాలి. "పాతదయింది కదా" అని మళ్లీ ఇంకో పాతిక వేలు కోయడం ఒకే తప్పుకు రెండుసార్లు జరిమానా వేయడమే.

ఇప్పుడు ఆర్సీ తీయాలి. దాంట్లో తయారైన నెల, రిజిస్టరైన తేదీ వేరువేరుగా ఉంటాయి. మన బండి 2019 డిసెంబరులో తయారై 2020 జనవరిలో రిజిస్టరైంది. అమ్మేవాళ్లకు ఇది "2020 మోడల్", రేపు మనం అమ్మేటప్పుడు కొనేవాడికి 2019 బండి. ఒక్క నెల తేడాకు డబ్బు తగ్గించనక్కర్లేదు గానీ, పోల్చేటప్పుడు 2019 ప్రకటనలే చూడాలి. తయారీకి, రిజిస్ట్రేషన్‌కు మధ్య ఎనిమిది నెలలుంటే మాత్రం అది తగ్గించాల్సిన విషయమే. సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లు చెల్లుతుంది కాబట్టి, దీనికి 2035 జనవరి దాకా గడువుంది. తర్వాత తనిఖీ చేయించి రెన్యూ చేసుకోవాలి.

ఎన్నో ఓనరు అన్నది అందరూ అడుగుతారు. ఎవరి దగ్గర ఎన్నాళ్లుందన్నది తక్కువ మంది అడుగుతారు. ఒకరు నాలుగేళ్లు వాడి, రెండో ఆయన ఏడు నెలలకే అమ్మేస్తుంటే, ఆ ఏడు నెలల్లో ఏం తెలిసిందో మనకూ తెలియాలి. నేనైతే మంచి కారణం దొరక్కపోతే రెండో ఓనరుకు మొదటి అంకె మీద 5 శాతం, మూడో ఓనరుకు ఇంకో 5 తీసేస్తాను. మన చేతికొచ్చాక ఓనర్ల సంఖ్య ఇంకొకటి పెరుగుతుంది, రేపు మన దగ్గర కొనేవాడూ అదే పని చేస్తాడు. మన ఉదాహరణలో ఒకే ఓనరు కాబట్టి కోత లేదు. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే అది విలువకు కాదు, చెల్లింపుకు సంబంధించిన సంగతి: బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు.

అసలు కథంతా సర్వీసు బిల్లుల్లో ఉంటుంది. ప్రతి బిల్లు మీదా తేదీ, కిలోమీటర్లు ఉంటాయి. ఆ రెంటినీ ఒక కాగితం మీద వరసగా రాస్తే బండి జీవితం కనిపిస్తుంది. మన బండికి 2020 చివర 10 వేలు, 2021 చివర 26 వేలు, 2022 జూన్‌లో 38,500. అక్కడి నుంచి బిల్లులే లేవు, ఇప్పుడు మీటరు 42 వేలు చూపిస్తోంది. ఏటా పదిహేను వేలకు పైగా తిరిగిన బండి తర్వాత మూడున్నరేళ్లలో మూడున్నర వేలే తిరిగిందా? అడిగితే, "మా అబ్బాయి అమెరికా వెళ్లిపోయాడండీ, బండి ఇంటి దగ్గరే ఉంది" అన్నారు ఓనరు తండ్రి. తెలుగిళ్లలో అది నమ్మదగ్గ మాటే. కానీ నమ్మేముందు సరిచూసుకోవచ్చు.

మీటరును వెనక్కి తిప్పగలరు గానీ రోడ్డు మీద మిగిలిన జాడల్ని తిప్పలేరు. ఆ నంబరు మీద ఉన్న చలాన్ల తేదీలు, చోట్లు చూడాలి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ చూపించమని ఓనర్ని అడగాలి. 2023, 2024లో నెలనెలా విజయవాడ హైవే టోల్ కట్టినట్టుంటే, ఇంట్లో నిలిపిన బండి అన్నది అబద్ధం. అప్పుడు 42 వేలను మరచిపోయి 90 వేల బండిగా లెక్క వేయొచ్చు. నేనైతే అంత దూరం వెళ్లను, అక్కడి నుంచి లేచి వచ్చేస్తాను. మీటరు తిప్పినవాళ్లు ఇంకేం దాచారో లెక్కకు అందదు. టైర్లు ఇంకో సాక్షి. టైరు పక్కన నొక్కిన అక్షరాల చివర నాలుగంకెలు అది తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. మన బండి టైర్ల మీద 4719 అని ఉంది, అంటే 2019లో 47వ వారం. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయంటే 42 వేలు నిజమయ్యే అవకాశమే ఎక్కువ.

టోల్ లేదు, చలాన్లు లేవు, టైర్లు పాతవే. తండ్రి చెప్పింది నిజమే. మరి తక్కువ తిరిగింది కాబట్టి ఇంకో పాతిక వేలు ఎక్కువివ్వాలా? అక్కర్లేదు. కదలని బండికి కదలని జబ్బులుంటాయి: చచ్చిన బ్యాటరీ, గట్టిపడిన టైర్లు, తుప్పు పట్టిన బ్రేకు డిస్కులు, ఎలుకలు కొరికిన వైర్లు. తక్కువ కిలోమీటర్ల లాభాన్ని అవి తినేస్తాయి.

ఇన్సూరెన్స్ పాలసీలో చూడాల్సింది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఆరో ఏడు బండికి 50 శాతం ఉంటే నిశ్చింత. మన బండికి 20 శాతమే ఉంది, అంటే ఏడాది వెనక ఏదో జరిగింది. క్లెయిమ్ ఒక కారణం. పాలసీ అయిపోయి 90 రోజుల్లోగా రెన్యూ చేయకపోయినా బోనస్ పోతుంది, ఇంట్లో నిలిపిన బండికి అలా జరగడం మామూలే. అంతకు ముందు పాలసీ తెప్పించుకుంటే ఏది నిజమో తేలుతుంది. ఇక్కడ ఐదు నెలల ఖాళీ కనిపించింది, అనుమానం తీరింది. బోనస్ అమ్మిన మనిషి వెంట వెళ్లిపోతుంది, మనకు రాదు.

ఇదే బండి విజయవాడ సింగ్ నగర్‌లో నిలిపి ఉండి, క్లెయిమ్ తేదీ 2024 సెప్టెంబరని తేలితే సంగతి వేరే. బుడమేరు పొంగిన నెల అది. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడాలి, స్పేర్ టైరు గుంతలో, కార్పెట్ అడుగున తడి జాడలు వెతకాలి. వైరింగులోకి నీళ్లు వెళ్లిన బండికి నా దగ్గర ధర లేదు. తప్పు ఈ రోజు కనిపించకపోవచ్చు, ఏడాదికి బయటపడుతుంది.

ఇక తీసివేతలు. నాలుగు టైర్లు 20 వేలు, బ్యాటరీ 5 వేలు, నూనెలు, బ్రేకులతో పూర్తి సర్వీసు 12 వేలు, మొత్తం 37 వేలు. ఇవి మన లెక్క కోసం వేసుకున్నవే, నిజం బండికి మెకానిక్‌ను తీసుకెళ్లి రాయించుకోవాలి. 3.60లోంచి తీస్తే 3.23 లక్షలు. నేను 3.05 దగ్గర మొదలుపెట్టి 3.35 దాటను. ఆ పై గీతను ఇంటి దగ్గరే రాసుకోవాలి, అమ్మేవాళ్ల ఇంట్లో కాఫీ తాగుతూ కాదు.

4.25 అడిగిన తండ్రి ముందు 3.05 అంటే ఆయనకు కోపం రావచ్చు. అంకె చెప్పేముందు కాగితాలు పరచాలి: కొత్తదాని కొటేషన్, పక్క ప్రకటనలు, టైర్ల మీద 4719, మెకానిక్ రాసిచ్చిన 37 వేలు. "బండి బాగుందండీ, ఇవి నేను రేపే పెట్టాల్సిన ఖర్చులు" అంటే బేరం ఆయన కొడుకు కారు మీద కాకుండా టైర్ల మీద నడుస్తుంది. 3.70 దగ్గర ఆయన ఆగిపోతే ఫోన్ నంబరిచ్చి వచ్చేయడమే, నెల తర్వాత ఫోను రావచ్చు, రాకపోనూవచ్చు. ఒప్పుకుంటే మాత్రం బాకీ చలాన్లు తీసేసి, కొడుకు సంతకాలతో ఫారం 29, 30 చేతికొచ్చాకే మిగతా డబ్బు. ఓనరు అమెరికాలో ఉన్నాడు కాబట్టి ఆ సంతకాలకు వారాలు పట్టొచ్చు, అంతవరకు అడ్వాన్సు చిన్నదిగానే ఉంచాలి.